బాబుకు ఆటలమ్మ, ఇంట్లో గర్భిణి, నాలుగేళ్ళ పాప: తేదీల లెక్కతో ఒక సమాధానం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గాజువాక. మూడో తరగతి చదువుతున్న మా బాబుకు (ఎనిమిదేళ్ళు, 24 కిలోలు) ఫిబ్రవరి 8, ఆదివారం పొద్దున ఒంటిమీద నాలుగైదు పొక్కులు కనిపించాయి. ఈ రోజు 10వ తేదీ, ఇప్పుడు తలలోనూ వీపు మీదా నిండా ఉన్నాయి, జ్వరం 102 ఉంది, రాత్రంతా గోక్కుంటున్నాడు. మెడికల్ షాపులో జ్వరం సిరప్ ఇచ్చారు, రెండుసార్లు వేశాను. తీరా చూస్తే దానిమీద ఐబూప్రొఫెన్, పారాసిటమాల్ అని రెండూ రాసి ఉన్నాయి. అత్తయ్య గారు అమ్మవారు పోసింది, స్నానం చేయించకూడదు, మందు వేయకూడదు అంటున్నారు, వేపాకు, పసుపు నూరి రాయమంటున్నారు. ఏడో నెల అని మా ఆడపడుచు పురిటికి జనవరిలోనే మా ఇంటికి వచ్చి ఉంది. చిన్నపాపకు నాలుగేళ్ళు, దానికి ఈ టీకా వేయించలేదు. మాది రెండు గదుల ఇల్లు. ఎవరిని ఎక్కడ ఉంచాలి? దేనికి భయపడాలి? సోమవారం 16 నుంచి పరీక్షలు, అప్పటికి బడికి పంపవచ్చా?

సమాధానం:

అమ్మా, మీ బాబు గురించి చెప్పే ముందు మీ ఆడపడుచు గురించి, చిన్నపాప గురించి చెప్పాలి. బాబుకు చేయవలసినవి ఈ వారమంతా చేయవచ్చు గాని వారిద్దరికీ చేయవలసిన పనులకు గడువు ఉంది, అందులో ఒకటి రేపటితో ముగుస్తుంది.

ఆటలమ్మ పొక్కులు కనిపించిన రోజున మొదలైన జబ్బు కాదు. పొక్కులు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పిల్లవాడి ఊపిరి ద్వారా వైరస్ గాలిలోకి వస్తూ ఉంటుంది. మీ బాబుకు 8న పొక్కులు కనిపించాయి కనుక ఇంట్లో మిగిలినవారికి సోకే అవకాశం 6వ తేదీ నుంచే మొదలైందని అనుకోవాలి. వారి గడువుల లెక్కకు ఈ 6వ తేదీనే మొదలుగా పెట్టుకోండి. ఒకే కప్పు కింద ఉన్నవారిలో ఇంతకు ముందు ఈ జబ్బు రానివారికి, టీకా పడనివారికి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి సోకుతుంది. మన తీరప్రాంతం వంటి వేడి ప్రదేశాలలో చిన్నతనంలో ఆటలమ్మ రాకుండానే పెద్దవారైనవారు చల్లని దేశాలలో కంటే ఎక్కువగా ఉంటారు. అందువల్ల పెద్దవాళ్ళకు ఏమీ కాదులే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మీ ఆడపడుచు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో అత్తయ్య గారికి తెలిసే ఉంటుంది, ముందు ఆవిడనే అడగండి. స్పష్టంగా వచ్చిందని చెప్పగలిగితే మళ్ళీ వచ్చే అవకాశం చాలా తక్కువ. అప్పుడు కూడా ఆమెను చూసే ప్రసూతి డాక్టరుకు ఒక మాట చెప్పి ఊరుకోవచ్చు. రాలేదన్నా, గుర్తు లేదన్నా ఈ రోజే ఆ డాక్టరుకు ఫోను చేయండి. నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళి వరుసలో కూర్చోబెట్టవద్దు, అక్కడ ఉన్నవారందరూ గర్భిణులే. వారు వారిసెల్లా ఐజీజీ అనే రక్తపరీక్ష రాస్తారు. అందులో రక్షణ ఉందని తేలితే చింత లేదు. లేదని తేలితే ఆ వైరస్‌కు విరుగుడైన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షను గురించి గాని, వైరస్ మందును ముందు జాగ్రత్తగా వాడడం గురించి గాని నిర్ణయిస్తారు. ఆ ఇంజెక్షను సోకే అవకాశం కలిగిన రోజు నుంచి పది రోజుల లోపల పడాలి, అంటే 16వ తేదీ లోపల. ఎంత ముందు పడితే అంత మంచిది. అది దొరకడానికే ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కనుక పరీక్షను వాయిదా వేయకండి. టీకా మాత్రం గర్భిణికి వేయరు.

ఇంత తొందర ఎందుకంటే, గర్భిణులకు ఈ వైరస్ ఊపిరితిత్తులకు పాకితే వచ్చే న్యుమోనియా చాలా తీవ్రంగా ఉంటుంది. మొదటి అయిదు నెలల్లో సోకితే అరుదుగా బిడ్డలో లోపాలు రావచ్చు గాని మీ ఆడపడుచు ఆ కాలం దాటారు కనుక ఆ దిగులు అక్కరలేదు. ప్రసవానికి అయిదు రోజుల ముందు నుంచి ప్రసవమైన రెండు రోజుల వరకు తల్లికి పొక్కులు వస్తే పుట్టిన బిడ్డకు ప్రమాదం. ఏడో నెల కనుక ఇప్పటికి అదీ దూరమే. ఆమె విషయంలో కనిపెట్టవలసింది ఆమె ఊపిరినే. ఒంటిమీద ఒక్క పొక్కు కనిపించినా, పొక్కులతో పాటు దగ్గు గాని ఆయాసం గాని మొదలైనా అదే గంటలో డాక్టరుకు తెలియాలి.

ఆమెను వెంటనే అత్తవారింటికి పంపేద్దామన్న ఆలోచన ఇంట్లో తప్పకుండా వచ్చి ఉంటుంది. రక్షణ ఉందని తేలితే ఆమె ఎక్కడైనా ఉండవచ్చు. లేదని తేలితే బాబుకు దూరంగా ఉండడం మంచిదే గాని ఆమెకు సోకి ఉంటే ఎనిమిదో రోజు నుంచి ఆమె ద్వారా ఇతరులకు సోకవచ్చు. కాబట్టి పసిబిడ్డ గాని మరొక గర్భిణి గాని ఉన్న ఇంటికి పంపకూడదు.

ఇక చిన్నపాప. ఆటలమ్మ టీకా ప్రభుత్వం అందరికీ ఉచితంగా వేసే టీకాల పట్టికలో లేదు, పిల్లల డాక్టర్ల దగ్గర కొని వేయించుకోవాలి, అందుకే ఇంతమంది పిల్లలకు పడదు. సోకే అవకాశం కలిగిన మూడు రోజుల లోపల, ఆలస్యమైతే అయిదు రోజుల లోపల ఈ టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగడానికి గాని, వచ్చినా నాలుగు పొక్కులతో తేలికగా పోవడానికి గాని అవకాశం ఉంది. 6వ తేదీ నుంచి అయిదు రోజులంటే 11, అంటే రేపు. పాపకు జ్వరం లేకపోతే, రక్తానికి గాని రోగనిరోధక శక్తికి గాని సంబంధించిన జబ్బులేవీ లేకపోతే ఈ సాయంత్రమే పిల్లల డాక్టరుకు ఫోను చేసి అడగండి. గడువు దాటినా ఆ టీకా వృథా కాదు, ఈసారి సోకకపోతే ముందుముందు కాపాడుతుంది. ఇంట్లో గర్భిణి ఉన్నారని పాపకు టీకా మానవలసిన పని లేదు.

టీకా వేసినా వేయకపోయినా పాప ఒంటిని 16వ తేదీ నుంచి రోజూ స్నానం దగ్గర చూస్తూ ఉండండి. సోకిన పది రోజుల నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య పొక్కులు బయటపడతాయి. బాబు పొక్కులు 14 వరకు పచ్చిగా ఉంటే పాపకు చివరిసారి సోకే అవకాశం కూడా అప్పటి వరకు ఉన్నట్టే, కనుక మార్చి 7 వరకు ఈ గమనిక సాగాలి. ఇంట్లో ఒకరి తరవాత రెండోవారుగా ఈ జబ్బు సోకిన పిల్లలకు సాధారణంగా మొదటివారికంటే పొక్కులు ఎక్కువ, జ్వరం ఎక్కువ. అందుకే పాపకు మొదటి పొక్కు కనిపించిన రోజే డాక్టరుకు చూపించండి. ఎసిక్లోవిర్ అనే వైరస్ మందు మొదటి ఇరవై నాలుగు గంటలలో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మీ బాబుకు ఆ గడువు దాటిపోయింది. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అది లేకపోయినా తగ్గుతుంది కనుక దానికోసం ఇప్పుడు పరుగెత్తనవసరం లేదు. మీ వారికి చిన్నప్పుడు వచ్చిందో లేదో కూడా కనుక్కోండి. పెద్దవారికి మొదటిసారి వస్తే పిల్లలకంటే గట్టిగా వస్తుంది, ఆయన విషయంలోనూ మొదటి రోజే డాక్టరును కలవాలి.

ఇప్పుడు బాబు సంగతి. మీ చేతిలో ఉన్న సిరప్‌ను పక్కన పెట్టేయండి. వేసిన రెండు మోతాదుల గురించి బెంగ పెట్టుకోవద్దు, మూడోది వేయవద్దు. ఆటలమ్మలో ఐబూప్రొఫెన్ వాడిన పిల్లలలో చర్మం లోపలి పొరలకు పాకే తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయని పరిశీలనలు ఉన్నాయి. మందే కారణమా, అప్పటికే ఇన్ఫెక్షను మొదలై జ్వరం ఎక్కువగా ఉన్న పిల్లలకే ఆ మందు వేశారా అన్న వాదన ఇంకా ఉంది. అయినా దానికంటే సురక్షితమైన మందు ఉండగా దీనిని వాడవలసిన అవసరం లేదు. మన షాపుల్లో జ్వరం తగ్గకపోతే ఇచ్చే మెఫెనమిక్ యాసిడ్ సిరప్ కూడా ఆ కోవలోనిదే, అదీ వద్దు. ఆస్పిరిన్ అయితే ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. ఆటలమ్మలో ఆస్పిరిన్ పడిన పిల్లలలో మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన స్థితి రావచ్చు. నోటిపూతకు రాసే కొన్ని జెల్‌లలో కోలిన్ సాలిసిలేట్ ఉంటుంది, అది కూడా ఆస్పిరిన్ బంధువే. బాబు నోట్లో పొక్కులు వచ్చాయని ఎవరైనా జెల్ ఇస్తే ముందు పెట్టెమీద ఆ పేరు ఉందేమో చూడండి.

జ్వరానికి ఒక్క పారాసిటమాల్ మాత్రమే ఉన్న సిరప్ చాలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 24 కిలోల పిల్లవాడికి ఒక మోతాదు 360 మిల్లీగ్రాములు. సీసామీద 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు అని ఉంటే 7 మిల్లీలీటర్లు వేయండి. 125 అని ఉంటే అదే మోతాదుకు 14 మిల్లీలీటర్లు అవుతుంది. ఈ రెండు రకాల సీసాలూ చూడడానికి ఒకేలా ఉంటాయి కనుక అంకె చదవకుండా మూత తిప్పవద్దు. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు ఉండాలి, రోజుకు నాలుగు మించకూడదు. మీరు వేసిన సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉంది కాబట్టి చివరి మోతాదు ఎప్పుడు వేశారో గుర్తు చేసుకుని అక్కడి నుంచి ఆరు గంటలు లెక్కపెట్టండి. పిల్లవాడు నిద్రపోతుంటే జ్వరం కోసం లేపనవసరం లేదు. వేసిన ప్రతిసారీ సమయం, జ్వరం అంకె ఒక కాగితం మీద రాసి పెట్టండి, ఆ కాగితం ఎందుకు పనికివస్తుందో కింద చెబుతాను.

దురద విషయంలో అత్తయ్య గారితో తగవు పెట్టుకోకుండానే చాలా చేయవచ్చు. వేపమండతో సుతారంగా నిమరడం వల్ల నష్టమేమీ లేదు, గోళ్ళతో గోకడం కంటే అది ఎంతో మేలు. ఆ మాటకొస్తే గుమ్మానికి వేపమండ కట్టడం, బయటివారిని రానివ్వకపోవడం, పిల్లవాడిని గడప దాటనివ్వకపోవడం మన పెద్దలు చాలా కాలంగా పాటిస్తున్న పద్ధతి, ఈ జబ్బు పాకకుండా ఆపే పద్ధతీ అదే. నా అభ్యంతరం నూరిన ముద్దను పగిలిన పొక్కులమీద రాయడం గురించి మాత్రమే. అందులోని మట్టి, సూక్ష్మక్రిములు తెరిచిన చర్మంలోకి పోతాయి. అంతకంటే ముఖ్యంగా, పసుపు పట్టిన చర్మంమీద చుట్టూ ఎరుపు పెరుగుతోందో లేదో కనబడదు. మీరు ఈ వారమంతా చూడవలసింది ఆ ఎరుపునే.

స్నానం మానకూడదు, చెమట పట్టిన చర్మం మరింత దురద పెడుతుంది, మన ఊరి ఉక్క సంగతి మీకు తెలిసిందే. రోజుకు ఒకసారి, దురద ఎక్కువగా ఉంటే రెండుసార్లు, గోరువెచ్చని నీళ్ళు పది నిమిషాల పాటు మెల్లగా పోయండి. వేడినీళ్ళు దురదను పెంచుతాయి. సున్నిపిండితో గాని పీచుతో గాని రుద్దవద్దు. గుప్పెడు ఓట్స్ మిక్సీలో మెత్తగా పొడిచేసి పలచని బట్టలో మూటకట్టి బకెట్ నీళ్ళలో నానబెట్టి పిండితే నీళ్ళు పాలలా అవుతాయి, ఆ నీళ్ళతో చివర ఒళ్ళు తడిపితే కొందరు పిల్లలకు గంటో రెండు గంటలో హాయిగా ఉంటుంది. వేపాకు వేసి మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడతామంటే అడ్డు చెప్పను. తరవాత మెత్తని నూలు తువ్వాలుతో అద్దాలి, తుడవకూడదు. ఆ తువ్వాలు బాబుకే ప్రత్యేకంగా ఉంచి రోజూ ఉతికి ఎండవేయండి.

ఒళ్ళు ఆరాక కేలమైన్ లోషను సీసాను బాగా కుదిపి దూదితో పొక్కులమీద అద్దండి, రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. పొరలు పొరలుగా పూస్తే చర్మం ఎండి బిగుసుకుని మళ్ళీ దురద మొదలవుతుంది. కళ్ళ దగ్గర, నోట్లో, మూత్రం వచ్చే చోట రాయవద్దు. కేలమైన్‌తో పాటు డైఫెన్‌హైడ్రమైన్ కలిపిన లోషన్లు కూడా ఉంటాయి. ఒళ్ళంతా పొక్కులున్న పిల్లవాడికి అవి పూస్తే మందు చర్మంలోంచి రక్తంలోకి ఎక్కువగా చేరి మైకం కమ్మవచ్చు, కనుక మామూలు కేలమైన్ మాత్రమే కొనండి. దురదలకని షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులను మాత్రం ముట్టుకోకండి. పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది గాని చర్మానికి వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది. బాబుకు ఉబ్బసం ఉండి ఈ నెలలో గాని పోయిన నెలలో గాని నోటి ద్వారా స్టెరాయిడ్ వాడి ఉంటే అది మీరు రాయలేదు కనుక అడుగుతున్నాను. వాడి ఉంటే ఈ సమాధానం చదవడం ఆపి డాక్టరుకు ఫోను చేయండి, అప్పుడు పద్ధతి వేరు.

రాత్రి దురదకు సెటిరిజిన్ సిరప్ 5 మిల్లీగ్రాములు, అంటే 5 మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాములు ఉన్న సీసా అయితే 5 మిల్లీలీటర్లు, పడుకునే గంట ముందు వేయవచ్చు. పగలు కూడా భరించలేకపోతే ఉదయం మరొక 5 వేయవచ్చు, అంతకు మించవద్దు. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు దీనికంటే ఎక్కువ నిద్ర తెప్పిస్తాయి. పిల్లవాడు పడుకుంటే మంచిదే కదా అనిపిస్తుంది గాని, ఈ జబ్బులో అసహజమైన మగత ఒక ప్రమాద సూచన. మగత మందువల్లనా జబ్బువల్లనా అన్న సందేహం మీకు రాకుండా ఉండాలంటే మత్తు తక్కువ ఉన్న మందే మేలు. జలుబు సిరప్‌లలో కూడా అదే పాత మందు ఉంటుంది, పారాసిటమాల్ కూడా కలిసి ఉండవచ్చు, కాబట్టి వాటిని ఈ వారం బయటకు తీయకండి.

గోళ్ళు ఈ రోజే పొట్టిగా కత్తిరించి అంచులు అరగదీయండి, రాత్రి చేతులకు పలచని నూలు మేజోళ్ళు తొడగండి. వదులైన నూలు బట్టలు వేయండి. ఫ్యాను వేయకూడదని కొందరంటారు గాని చల్లగా ఉంటే దురద సగం తగ్గుతుంది, నిరభ్యంతరంగా వేయండి. పక్కులు వాటంతట అవి ఊడాలి, లాగితే మచ్చ మిగులుతుంది. తిండికి పథ్యం అక్కరలేదు, నోటి పొక్కుల మంటవల్ల కారం, పులుపు తినలేకపోతే పెరుగన్నం, చల్లారిన రాగిజావ, కొబ్బరినీళ్ళు, గుడ్డు, ఏది తింటే అది పెట్టండి. ఎనిమిది గంటలు దాటినా మూత్రం పోయకపోతే నీళ్ళు చాలడం లేదని అర్థం. మూత్రం వచ్చే చోట పొక్కులు ఉంటే మంటకు భయపడి పిల్లలు బిగబట్టుకుంటారు, అప్పుడు గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టి అందులోనే పోయమనండి.

రెండు గదుల ఇంట్లో వేరుగా ఉంచడం అంటే, కిటికీ బయటికి తెరుచుకునే గదిని బాబుకు ఇచ్చి, దాని కిటికీ తీసి ఉంచి, లోపలి గదిలోకి తెరుచుకునే తలుపు మూసి ఉంచడం. ఇది గాలి ద్వారా పాకే జబ్బు కనుక కంచం, గ్లాసు వేరు చేసినంత మాత్రాన సరిపోదు. ఆడపడుచు, పాప ఆ గదిలోకి అసలు పోకూడదు, రాత్రి అందరూ ఒకే గదిలో పడుకోకూడదు. స్నానాల గదిని బాబు అందరికంటే చివర వాడాలి. బట్టలు మామూలు సబ్బుపొడితో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. ఇప్పటికే సోకి ఉండవచ్చు కదా, ఇక ఈ బాధంతా ఎందుకని అనిపిస్తుంది. అయితే సోకిందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, పచ్చి పొక్కులు ఉన్నంతకాలం కొత్తగా సోకే అవకాశం రోజూ ఉంటుంది. బాబు దగ్గర ఉండే మనిషి ఇంతకు ముందు ఆటలమ్మ వచ్చినవారై ఉండాలి. అత్తయ్య గారికి చిన్నప్పుడు వచ్చి ఉంటే ఆ పనికి ఆవిడే అందరికంటే తగినవారు. మందుల సమయాలు రాసే కాగితం, కేలమైన్ సీసా ఆవిడ చేతికే ఇవ్వండి. సేవ చేయడం ఆవిడ నమ్మకానికి విరుద్ధం కాదు గనుక, మందు వద్దన్న పట్టుదల సగం అక్కడే సడలుతుందని నా అనుభవం.

ఇక దేనికి భయపడాలి అన్నారు. ఆటలమ్మ పొక్కులు మూడు నుంచి అయిదు రోజుల పాటు విడతలు విడతలుగా వస్తాయి, అందుకే ఒకే చోట ఎర్రని మచ్చ, నీటి పొక్కు, పక్కు కట్టినది పక్కపక్కనే కనిపిస్తాయి. టీకా లేని పిల్లవాడికి మొత్తం 250 నుంచి 500 వరకు రావచ్చు. కాబట్టి రేపు, ఎల్లుండి కొత్త పొక్కులు వచ్చాయని గాభరా పడకండి. వాటి సంఖ్యకంటే జ్వరం నడిచే తీరు ముఖ్యం. కొత్త పొక్కులు తగ్గుతున్నకొద్దీ జ్వరం కూడా దిగాలి, మీ బాబు విషయంలో 12వ తేదీకల్లా అది దాదాపు పోవాలి. నాలుగు రోజులు దాటినా జ్వరం నిలిచి ఉన్నా, ఒక రోజంతా తగ్గి మళ్ళీ వచ్చినా అది వైరస్ జ్వరం కాకపోవచ్చు, గోకిన చోట బాక్టీరియా చేరిందేమో చూడాలి. ఆ కాగితం ఇందుకే. అంకెలు రాసి ఉండకపోతే జ్వరం ఎప్పుడు తగ్గి ఎప్పుడు తిరిగి వచ్చిందో తల్లులు సరిగా చెప్పలేరు.

నా దగ్గరకు వచ్చిన ఒక పిల్లవాడి సంగతి చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. వాడికి మీ బాబు వయసే ఉంటుంది. నాలుగో రోజుకు జ్వరం దిగింది, అన్నం తిన్నాడు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆరో రోజు మళ్ళీ జ్వరం వచ్చింది, కుడి తొడ నొప్పి అన్నాడు. తొడమీద గోకిన పొక్కు ఒకటి ఉంది, దాని చుట్టూ అరచేయంత మేర ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంది. పసుపు రాసి ఉండడం వల్ల ఆ ఎరుపు ఇంట్లోవారికి కనబడలేదు, నొప్పి మాత్రం కాలు మోపనివ్వనంతగా ఉంది. ఆసుపత్రిలో ఉంచి నరం ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చాక తగ్గింది. వాడి తల్లి చెప్పిన మాటల్లో నన్ను తొందరపెట్టినది ఎరుపు కాదు, పైకి కనిపిస్తున్న దానికి పొంతన లేనంత నొప్పి. ఇన్ఫెక్షను చర్మం కిందికి దిగి కండరాలమీది పొరల్లో పాకుతున్నప్పుడు పైన కొంచెమే కనిపిస్తుంది, లోపల నొప్పి విపరీతంగా ఉంటుంది, అక్కడ గంటలు కూడా లెక్కే.

కనుక రోజూ స్నానం చేయించేటప్పుడు వెలుతురులో ఒళ్ళంతా చూడండి. ఆటలమ్మ పొక్కు చుట్టూ సన్నని ఎరుపు ఉండడం సహజం. ఏదైనా ఒక పొక్కు చుట్టూ ఎరుపు ఎక్కువగా అనిపిస్తే దాని అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి సమయం రాయండి, నాలుగైదు గంటల తరవాత ఎరుపు గీత దాటితే అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. చీము పట్టడం, తేనెరంగు పక్కులు, ముట్టుకోనివ్వని నొప్పి, కుంటడం కూడా అంతే. కంటి గుడ్డు మీద పొక్కు గాని, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం గాని ఉంటే కంటి డాక్టరు చూడాలి.

మెదడుకు సంబంధించిన చిక్కులు అరుదు. వాటిలో కొంచెం ఎక్కువగా కనిపించేది, పొక్కులు మానుతున్న సమయంలో, సుమారు వారం రోజులకు, పిల్లవాడు నడుస్తూ తూలడం, గ్లాసు పట్టుకోబోతే చేయి వణకడం. చూడడానికి భయంగా ఉన్నా చాలామందికి కొన్ని వారాలలో పూర్తిగా తగ్గిపోతుంది. అయినా అదే రోజు డాక్టరు చూసి మరేదీ కాదని తేల్చాలి. దీనికి భిన్నంగా, లేపినా లేవని మగత, మాటలో తడబాటు, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, ఊపిరి వేగంగా తీస్తూ పక్కటెముకలు లోపలికి పోవడం, పొక్కుల్లోకి రక్తం దిగి నల్లగా ఊదాగా మారడం, ఇవి ఏ పూట కనిపించినా ఆ పూటే బయలుదేరవలసినవి. 108కి ఫోను చేసేటప్పుడే ఆటలమ్మ అని చెప్పండి. కేజీహెచ్‌కు వెళ్ళినా, మీకు దగ్గరలోని మరే ఆసుపత్రికి వెళ్ళినా గేటు దగ్గరే ఆ మాట చెబితే బాబును ఇతర రోగుల మధ్య కూర్చోబెట్టకుండా వేరుగా తీసుకువెళ్తారు. ఇవేవీ లేకపోయినా, ఇప్పటి వరకు డాక్టరు చూడలేదు కనుక రేపు ఒకసారి ఫోనులోనో వీడియోలోనో మీ పిల్లల డాక్టరుకు చూపించి ఇది ఆటలమ్మేనని నిర్ధారించుకోండి.

ఇక 16న పరీక్షలకు పంపడం గురించి. పొక్కులు కనిపించి అయిదు రోజులు గడవాలి, అంతే కాక ఆఖరి పొక్కు కూడా ఎండి పక్కు కట్టాలి. అయిదు రోజులు 13కి పూర్తవుతాయి గాని 12న కూడా కొత్త పొక్కులు వస్తే అవి ఎండడానికి మరికొన్ని రోజులు పడుతుంది. కాబట్టి 15వ తేదీ సాయంత్రం దీపం వెలుతురులో తల వెంట్రుకలు పాయలు తీసి, చెవుల వెనక, చంకల్లో, వీపు కింద, తొడల మధ్య చూడండి. ఎక్కడైనా ఒక్క నీటి పొక్కు మిగిలి ఉన్నా 16న పంపవద్దు, మళ్ళీ మరునాడు చూడండి. అన్నీ ఎండి ఉంటే పక్కులు ఊడిపోలేదని గాని, తలకు నీళ్ళు పోసే రోజు ఇంకా కుదరలేదని గాని ఆపనవసరం లేదు, ఎండిన పక్కుల ద్వారా ఈ జబ్బు అంటదు. బడికి మాత్రం ఈ రోజే చెప్పండి. 6వ తేదీ శుక్రవారం బాబు బడికి వెళ్ళి ఉంటే ఆ గదిలో కూర్చున్న పిల్లలకు కూడా మీ ఇంటి లెక్కే వర్తిస్తుంది. వారి టీచర్లలో ఎవరైనా గర్భిణులు ఉన్నా, కేన్సరుకో కిడ్నీ జబ్బుకో మందులు వాడుతున్న పిల్లలు ఉన్నా వారికి కూడా 16వ తేదీ లోపలే డాక్టరును కలిసే వ్యవధి ఉంటుంది.